లోన్ రిపోర్టులో ‘కంపెనీ పరిచయం’ ఎలా రాయాలి?

ప్రశ్న: నేనూ మా బావమరిదీ విజయవాడలో సీసీ కెమెరాలు బిగిస్తాం. 2017లో నా ఒక్కడి పేరుతో మొదలుపెట్టాను, 2021లో పార్టనర్‌షిప్ చేశాం. బ్యాంకు లోన్ కోసం నెట్‌లో దొరికిన వర్డ్ టెంప్లేట్ నింపుతూ ‘కంపెనీ పరిచయం’ దగ్గర ఆగిపోయాను. ఏం రాయాలి సార్?

జవాబు: ముందు టెంప్లేట్ మూసేసి జీఎస్టీ వెబ్‌సైట్ తెరవండి. అక్కడ Search Taxpayerలో మీ నంబరు కొడితే లీగల్ పేరు, రిజిస్ట్రేషన్ తేదీ, వ్యాపారం ఏ రకమో చెప్పే Constitution of Business కనిపిస్తాయి. లాగిన్ అక్కర్లేదు కాబట్టి బ్యాంకు ఆఫీసరు కూడా అదే పేజీ చూడగలరు. మీరు రాసేది దానితో అక్షరం పొల్లుపోకుండా కలవాలి.

టెంప్లేట్‌లో ఉందని ‘డైరెక్టర్లు’ అని వదిలేయకండి. మీరు పార్టనర్లు. జీఎస్టీ నంబరులో మూడో అక్షరం నుంచి పన్నెండో అక్షరం దాకా ఉండేది మీ పాన్. అందులో నాలుగోది, అంటే మొత్తం నంబరులో ఆరోది, పార్టనర్‌షిప్‌కి F, కంపెనీకి C, వ్యక్తికి P. ఎల్ఎల్‌పీకి కూడా F ఉంటుంది కాబట్టి ‘పార్టనర్‌షిప్ ఫర్మ్’ అని స్పష్టంగా రాయండి. పార్టనర్‌షిప్ డీడ్ తేదీ, రిజిస్ట్రార్ ఆఫ్ ఫర్మ్స్ దగ్గర రిజిస్టరైందో లేదో చెప్పండి. కాకపోతే కాలేదనే రాయండి.

అసలు చిక్కు చరిత్ర దగ్గరే. పార్టనర్‌షిప్‌కి పాన్ వేరు, జీఎస్టీ నంబరు వేరు. ‘2017లో స్థాపించిన సంస్థ’ అని మీరు రాస్తే, స్క్రీన్ మీద ఆఫీసరుకు 2021 కనిపిస్తుంది. అబద్ధం కాకపోయినా అనుమానం మొదలవుతుంది. ఇలా రాస్తే సరిపోతుంది:

“2017 నుంచి 2021 వరకు ఈ వ్యాపారాన్ని మొదటి పార్టనర్ సొంత పేరుతో నడిపారు. 2021లో ఇద్దరు పార్టనర్లతో ప్రస్తుత ఫర్మ్ ఏర్పడి, ఆ వ్యాపారాన్ని కొనసాగిస్తోంది.”

దీనికి పాత ఏళ్ల మీ సొంత ఐటీ రిటర్నులు జత చేయండి. అవి లేకపోతే ఆ నాలుగేళ్ల మాటకు బ్యాంకులో పెద్ద విలువ ఉండదు.

వాటాలు డీడ్‌లో ఉన్నట్టే వేయండి. 60, 40 అని ఉంటే ‘సమాన భాగస్వాములు’ అనకూడదు. ఎవరు ఏ పని చూస్తారో ఒక్కో ముక్క చాలు.

‘మిషన్’, అంటే సంస్థ లక్ష్యం, రాయమనగానే అందరికీ పూనకం వస్తుంది. ‘దక్షిణ భారతంలో అగ్రగామి’ లాంటి మాటలు కొట్టేయండి. “విజయవాడలోని అపార్ట్‌మెంట్లకు, దుకాణాలకు సీసీ కెమెరాలు అమర్చి, ఏడాది సర్వీసు ఇస్తాం” అంటే చాలు, అదీ నిజంగా ఇస్తుంటేనే.

చివర్లో Ctrl+F కొట్టి Director, Pvt, Inc అనే మాటలు వెతకండి. టెంప్లేట్‌లోని పాత పేర్లు ఎక్కువగా పేజీ హెడర్లో దాక్కుంటాయి, అక్కడ కంటితో కూడా ఒకసారి చూసి పీడీఎఫ్ చేయండి.