బాష్పీభవనమా, ఆవిరి కావడమా?

ప్రశ్న: మూడో తరగతి పిల్లలకూ, కొత్తగా చదువు నేర్చుకుంటున్న వాళ్ళ అమ్మలకూ పనికొచ్చేలా వాన గురించి చిన్న పుస్తకం రాస్తున్నాను. 'బాష్పీభవనం' తీసేసి 'ఇంకిపోవడం' అని రాశాను. తోటి టీచర్లు ఒప్పుకోవడం లేదు. సంస్కృతం మాట తీసి తెలుగు మాట పెట్టడం తప్పా, మాస్టారూ? – ఒక ఉపాధ్యాయిని, తెనాలి

జవాబు: తీసేయడం తప్పు కాదమ్మా. పేచీ అంతా దాని చోట పెట్టిన మాటతోనే.

ముందు తీసేసిన మాట సంగతి చూద్దాం. సంస్కృతంలో 'బాష్పం' అంటే ఆవిరి, కన్నీరు కూడా. తెలుగులోకి వచ్చాక కన్నీరే నిలిచింది. ఆనందబాష్పాలు అంటాం, పోలీసులు వదిలేది బాష్పవాయువు అంటాం. అందుకే మా మనవరాలు సైన్సు పాఠం చదువుతూ "చెరువు ఏడుస్తుందా తాతా?" అని అడిగింది. తప్పు పిల్లది కాదు, తనకు తెలిసిన అర్థాన్నే పట్టుకుంది. ఇక 'బాష్పీ'లోని ఆ దీర్ఘం ఉందే, అది ఊరికే రాలేదు. ముందు అలా లేనిది అలా అవడాన్ని సంస్కృతం ఆ 'ఈ'తో చెబుతుంది. బాష్పం కానిది బాష్పం కావడం బాష్పీభవనం, ఘనం కానిది ఘనం కావడం ఘనీభవనం, ద్రవం కానిది ద్రవం కావడం ద్రవీభవనం. చక్కని నిర్మాణం. కానీ అది తెలియాలంటే మూడో తరగతి దాటి చాలా దూరం రావాలి.

మరి తెలుగులో ఏముంది? తడిబట్టలు ఆరతాయి. వడియాలు ఎండుతాయి. కూరలో నీళ్ళు ఇగురుతాయి. ఈ మూడింట్లోనూ నీరు పైకే పోతుంది, గాల్లో కలుస్తుంది. రొయ్యల ఇగురు అంటున్నామే, నీళ్ళు ఇగిరేదాకా పొయ్యి మీద ఉంచాం కాబట్టే దానికి ఆ పేరు. పొయ్యి ముందు నిలబడి నీరు ఎప్పుడు పోయిందో కళ్ళతో చూసే అమ్మకు ఇంతకన్నా మంచి పాఠం లేదు. (ఇగురుకు చిగురు అనే అర్థం కూడా ఉంది, అది వేరు.) 'ఇంకు' మాత్రం కిందికి పోవడం. ఇంకుడు గుంత తవ్వేది నీరు భూమిలోకి దిగడానికి. వేసవిలో చెరువు ఇంకిందని జనం అంటారు, నిజమే. అప్పుడు కొంత నేలలోకి, కొంత గాల్లోకి పోతుంది. వాన పుస్తకంలో ఆ తేడానే ముఖ్యం. ఇంకిన నీరు బావిలోకి వస్తుంది, ఆవిరైన నీరు మబ్బవుతుంది. ఇక్కడ మీ తోటి టీచర్ల మాటే నిజం.

'ఆవిరి' రాయండి. తమిళంలో 'ఆవి' అంటే ఊపిరి, ప్రాణం, ఆవిరి కూడా. మన ఆవులింత కూడా ఆ కుటుంబానిదేనని నా నమ్మకం. ఇంకో సుఖం, అందులో వత్తు లేదు. కొత్తగా చదివేవాళ్ళు అర్థం దగ్గర ఆగరు, ముందు అక్షరం దగ్గరే ఆగుతారు. 'సూర్యరశ్మి'లో ర్య, శ్మి రెండూ అడ్డు పడతాయి. 'ఎండ'లో ఏ అడ్డూ లేదు. అమ్మ, అక్క వంటి జంట హల్లులు వాళ్ళకు అలవాటే, వాటికి భయపడనక్కర్లేదు.

అయితే సంస్కృతం తీసేస్తే చాలు తేలికైపోతుందనుకోవద్దు. 16వ శతాబ్దంలో పొన్నిగంటి తెలగన్న అచ్చతెలుగులోనే 'యయాతి చరిత్రము' కావ్యం రాశాడు. ఆ పద్యాలంటే నాకు ప్రాణం. నిఘంటువు లేకుండా మాత్రం నాకూ సాగవు. సూర్యుణ్ణి 'వేవెలుగు' అంటే అచ్చతెలుగే, పిల్లవాడికి మాత్రం సూర్యుడే దగ్గర. పుట్టుక కాదు, వాడుక చూడాలి.

నాకు కోపం వచ్చేది వాక్యం దగ్గర. "సూర్యరశ్మి ప్రభావం వలన జలాశయాలలోని నీటికి బాష్పీభవనం జరుగుతుంది" అని రాస్తున్నారు. ఈ 'జరుగుతుంది' రోగం ఇప్పుడు అంతటా అంటుకుంది, భోజనం కూడా 'చేయడం జరుగుతోంది'! పేరు మార్చి ఈ వాక్యాన్ని అలాగే ఉంచితే ఒరిగేదేమీ లేదు. "ఎండకు చెరువు నీళ్ళు ఆవిరై గాల్లో కలుస్తాయి" అనండి. చదివి వినిపించి, ఏం జరిగిందో చెప్పమనండి. మీ మాటనే అప్పజెప్తే అర్థం కాలేదన్నమాట. "బట్టలారినట్టు" అని తన మాటల్లో చెప్తే అర్థమైనట్టే.

బాష్పీభవనాన్ని పూర్తిగా వెలివేయాలా అంటే, అవునని అనలేను. ఐసు కరిగింది అంటాం, చక్కెర కరిగింది అంటాం. మొదటిది ద్రవీభవనం, రెండోది అసలు ద్రవీభవనమే కాదు, చక్కెర నీళ్ళలో కలిసిపోవడం. తెలుగు మాట రెంటినీ ఒకే గూట్లో పెట్టింది. అలాంటి చోట పెద్ద తరగతిలో పరిభాష కావాల్సిందే. మూడో తరగతి పుస్తకంలో అయితే కథంతా ఆవిరితో నడిపి, ఆఖరి పేజీలో "దీన్నే బాష్పీభవనం అంటారు" అని ఒక్కసారి చెప్తే సరిపోతుందేమో. అమ్మల ప్రతిలో ఆ పేజీ కూడా వద్దనే అంటాను.