ఉపవాసమా, పరగడుపా?

చిరంజీవికి,

ల్యాబ్ వాళ్ళు ఇచ్చిన షుగర్ పరీక్ష కాగితానికి నువ్వు చేసిన అనువాదం చూశాను. పరీక్షకు ముందు 8 గంటల పాటు నీళ్ళు తప్ప ఏమీ తీసుకోవద్దన్నది ఇంగ్లీషు వాక్యం. నువ్వు "8 గంటలు ఉపవాసము పాటించవలెను" అని రాశావు. వ్యాకరణం సరిగానే ఉంది. కానీ మన ఇళ్ళల్లో చాలామందికి ఉపవాసమంటే అన్నం మానేయడమే. పాలు, పళ్ళు పుచ్చుకోవచ్చు. శనివారాలు ఉపవాసం ఉండే పెద్దావిడ ఇది చదివి, గ్లాసుడు పాలు తాగి వస్తే ఆ లెక్క పనికిరాదు, మర్నాడు మళ్ళీ రమ్మంటారు. ఇక్కడ రావలసిన మాట పరగడుపు. టీ, కాఫీ, పాలు కూడా వద్దని పేరుపెట్టి చెప్పాలి.

చదివేదెవరో వాళ్ళు చెప్పలేదు, నువ్వు అడగలేదు. చిక్కంతా అక్కడే వచ్చింది. కాబట్టి ముందుగా అడగాల్సింది, ఇది చదివి పని చేసేదెవరని. రోగే చదివితే "ఏమీ తినకండి". పిల్లల వార్డులో తల్లి చదివితే "బాబుకు ఏమీ పెట్టకండి". నర్సు కోసమైతే "రోగిని ఏమీ తిననివ్వకండి". ఇంగ్లీషులో ఒక్క వాక్యంతో సరిపెట్టినా, మనకు క్రియే మారిపోతుంది.

తర్వాత, ఎక్కడ కనబడుతుందో అడుగు. గోడమీది బోర్డుకు "తినకూడదు" బాగానే ఉంటుంది. అదే మాట ఫోనుకు మెసేజీగా వస్తే గద్దించినట్టు ఉంటుంది, అక్కడ "తినకండి" అనాలి. రికార్డు చేసి వినిపించేదైతే గంటల లెక్క వినేవాళ్ళకు వదిలేయకు. పరీక్ష ఉదయం 7 గంటలకైతే "రాత్రి 11 దాటాక ఏమీ తినకండి" అని చెప్పేయి.

మీరు అనాలా, నువ్వు అనాలా అన్నది కూడా మొదటి వాక్యానికి ముందే తేలాలి. సగం పని అయ్యాక మార్చమంటే కంప్యూటర్లో ఒక మాట తీసి ఇంకో మాట పెట్టడంతో అయిపోదు. "వస్తారు" వస్తావు కావాలి, "చూడండి" చూడు కావాలి. పైగా పదిమందిని ఉద్దేశించిన మీరు ఎక్కడైనా ఉంటే దాన్ని ముట్టుకోకూడదు. ఒక్కో క్రియనూ చేత్తో దిద్దాల్సిందే.

"సరళమైన తెలుగు చాలు" అని జవాబొస్తే దాన్ని నమ్ముకుని మొదలుపెట్టకు. ఒకరికి సరళమంటే పత్రిక భాష, ఇంకొకరికి ఇంట్లో మాట. ఒకే రెండు వాక్యాలను రెండు రకాలుగా రాసి పంపి, ఏది కావాలో ఎంచుకోమను. మాత్ర అనాలో గోలీ అనాలో కూడా, ఏ జిల్లాల్లో పంచుతారో అడిగితే అప్పుడే తెలుస్తుంది.

ఒక్కోసారి గడువు దగ్గరపడినా జవాబు రాదు. అప్పుడు అనువాదానికి పైన ఇలా రాసి పంపు: "చదివేవారు పెద్దవయసు రోగులనీ, చేతికిచ్చే కాగితమనీ అనుకుని, మీరు అని సంబోధించాను. కాకపోతే ప్రింటుకు ముందే చెప్పండి."

ఆశీస్సులతో.