పోప్ మీదుగా వచ్చిన కురళ్ గురించి

తమ్ముడూ,

నీ అనువాదం చదివా, వాక్యం బాగా నడుస్తోంది. కానీ విద్య మీది ఇంగ్లీషు వ్యాసంలో, వళ్ళువర్ తమిళ తిరుక్కురళ్ దగ్గరకొచ్చేసరికి నాకు ఒళ్ళు మండింది. "పూర్తిగా, దోషం లేని విద్య దక్కేలా నేర్చుకో, ఆపై నేర్చిన పాఠాలకు విధేయుడవై ఉండు" అని రాశావు. వళ్ళువర్ విధేయత అని ఎక్కడన్నాడయ్యా? అది 1886లో జి.యు. పోప్ దొర ఇంగ్లీషులో ప్రాసతో చేసిన అనువాదంలోది, నువ్వు దాన్నే తెలుగు చేశావు.

అది 391వ కురళ్. "కఱ్క కసడఱక్ కఱ్పవై కఱ్ఱపిన్ నిఱ్క అదఱ్కుత్ తగ." నేర్వదగినవి తప్పు లేకుండా నేర్చుకో, నేర్చాక దానికి తగ్గట్టు నిలబడు, అంతే. ఆ "కఱ్పవై", అంటే నేర్వదగినవి, పోప్ దగ్గర జారిపోయింది. నీ రచయిత తమిళం వచ్చినవాడు, చేతికందిందని పోప్‌ని పెట్టుకున్నాడేగానీ తర్వాతి పేరాలో "ఏది నేర్వదగిందో ఎవరు తేలుస్తారు" అని అడుగుతున్నాడు చూడు, ఆ ప్రశ్న నీ తెలుగులో ఎక్కడినుంచో ఊడిపడ్డట్టుంది. కొటేషన్ కింద పేరా దానికి అతకట్లేదంటే మధ్య భాషలో ఏదో పోయిందని అనుమానించాలి.

మూలానికి వెళ్ళు, నా పట్టుదల అదే. చెన్నైలో ఉంటూ తమిళం రాదనకు, కురళ్ నంబర్ దొరికితే పక్కింటి టీచర్ చేత చదివించుకోవచ్చు, ఎగ్మూరు కన్నెమరా లైబ్రరీలో ఓ వ్యాఖ్యానం తీసి సరిచూసుకోవచ్చు.

అచ్చయిన తెలుగు అనువాదం వాడుకోవచ్చా అని అడిగావు కదా, కురళ్‌కి తెలుగులో చాలానే ఉన్నాయి, కాకపోతే పద్యాల్లో చేసినవాళ్ళు గణాలు నింపడానికి మూలంలో లేని మాటలు తెస్తారు. వ్యాసంలో కురళ్ ఊరికే అలంకారంగా వచ్చిందనుకో, మంచి పద్యం ఉంటే పెట్టు, అక్షరం మార్చకుండా, అనువాదకుడి పేరుతో. ఆయన పోయి 60 ఏళ్ళు దాటకపోతే హక్కుల సంగతీ కనుక్కో. వాదం కురళ్ మాట మీదే నిలబడితే మాత్రం నువ్వే మూలం నుంచి చెయ్యి. నేను ఇక్కడికొచ్చిన కొత్తలో ఓ ఎడిటర్ నేను తమిళం నుంచి చేసిన రెండు లైన్లు పీకేసి పాత పద్యం ఇరికించాడు, "పాఠకులకు తెలిసిందే ఇవ్వాలి" అన్నాడు, పద్యం బానే ఉంది కానీ కింద మూడు పేరాలు దేని గురించో ఎవరికీ అర్థంకాలేదు, ఫుట్‌నోట్ పెడదామంటే అదీ కొట్టేశాడు, ఇప్పటికీ కడుపు మండుతుంది.

ఒక్కచోట పోప్‌నే తెలుగు చెయ్యాలి, రచయిత పోప్ మాటనే పట్టుకుని, "విధేయత ఎందుకు తెచ్చాడు" అని విమర్శిస్తున్నప్పుడు. అప్పుడు పోప్ తెలుగులో, మూలం అర్థం కింద నోట్‌లో, రెండూ ఉండాలి.

నువ్వడిగిన పబ్లిషర్ల సంగతి తర్వాత. నీ డ్రాఫ్ట్‌లో ఇంకా కురళ్‌లు ఉన్నాయి, ముందు వాటి నంబర్లు పట్టుకుని, ఒక్కోదాని కింద పేరాతో కలిపి పంపు.