షిరాజ్‌లో మిరియాల ఘాటు ఎక్కడిది?

ప్రశ్న: సర్, నేను బీఎస్సీ హార్టికల్చర్ ఫైనలియర్. ద్రాక్ష సాగు, వైన్ తయారీలో మాస్టర్స్‌కి ఆస్ట్రేలియా వెళ్లాలనుకుంటున్నాను. ఒకే ద్రాక్ష చల్లటి చోట ఒకలా, వేడి చోట ఇంకోలా వైన్ ఎందుకిస్తుందో తెలిసుండాలని సీనియర్లు అంటున్నారు. నేను వైన్ తాగను. ఇది ఎలా అర్థం చేసుకోవాలి?

జవాబు: తాగకపోవడం అడ్డు కాదమ్మా. రుచి చూడటమే ఉద్యోగమైనవాళ్లు కూడా నోట్లో పోసుకుని ఉమ్మేస్తారు. నువ్వు పట్టుకోవాల్సింది కాయలో జరిగే మార్పుని. అన్ని రకాల వెంటా పడకుండా ఒక్క షిరాజ్‌ని తీసుకో. ఫ్రాన్స్‌లో దాన్నే సిరా అంటారు. అక్కడి ఉత్తర రోన్ లోయ చల్లటి వైపు, దక్షిణ ఆస్ట్రేలియాలోని బరోసా లోయ వేడి వైపు.

కాయ రంగు తిరిగిన రోజు నుంచి రెండు పనులు ఒకేసారి నడుస్తాయి. చక్కెర పెరుగుతుంది, పులుపు తగ్గుతుంది. ద్రాక్షలో ముఖ్యమైన ఆమ్లాలు రెండు: టార్టారిక్, మాలిక్. టార్టారిక్ చాలావరకు నిలబడుతుంది. మాలిక్‌ని మాత్రం కాయ తన శ్వాసక్రియలో ఖర్చు చేసేస్తుంది, ఎండ ముదిరేకొద్దీ ఆ ఖర్చు పెరుగుతుంది. అందుకే బరోసా కాయ తియ్యగా, పులుపు తక్కువగా కోతకొస్తుంది. ఉత్తర రోన్ కాయలో చక్కెర నెమ్మదిగా చేరుతుంది, పులుపు మిగులుతుంది.

లెక్క వేసి చూడు. రసంలో చక్కెర ఎంతుందో చెప్పే కొలత బ్రిక్స్. దాన్ని 0.57తో గుణిస్తే ఆల్కహాల్ శాతం సుమారుగా వస్తుంది. 23 బ్రిక్స్‌కి కోసిన కాయ 13 శాతం వైన్ అవుతుంది, 26కి కోసింది దాదాపు 15 శాతం. మొదటిది నోటికి తేలిగ్గా, కాస్త పుల్లగా తగులుతుంది. రెండోది చిక్కగా, వెచ్చగా, పండ్ల జామ్ గుర్తొచ్చేలా ఉంటుంది. ఎండ మరీ ఎక్కువైతే పీహెచ్ పెరిగి, రంగు మందగించి, సూక్ష్మజీవులకు చోటు దొరుకుతుంది. అందుకే వేడి ప్రాంతాల్లో రసానికి టార్టారిక్ ఆమ్లం కలపడం మామూలే. ఫ్రాన్స్‌లోని చల్లటి ప్రాంతాల్లో సమస్య తిరగబడుతుంది. కాయ సరిగా పండని ఏళ్లలో పులియబెట్టే ముందు రసంలో చక్కెర కలపడానికి అక్కడి చట్టం ఒప్పుకుంటుంది.

ఇక మిరియాల సంగతి. ఈ రకం వైన్‌లో మిరియాల ఘాటుకి కారణం రోటండోన్ అనే పదార్థమని ఆస్ట్రేలియా పరిశోధకులు 2008లో ప్రచురించారు. మన మిరియాల్లో ఉన్నదీ అదే. అది తొక్కలో తయారవుతుంది. చల్లటి తోటల్లో, ఆకుల నీడలో ఉన్న గుత్తుల్లో ఎక్కువ ఉంటుంది, ఎండ నేరుగా తగిలే గుత్తుల్లో తగ్గుతుంది. లీటరుకి 16 నానోగ్రాములున్నా రెడ్ వైన్‌లో ముక్కుకి తెలిసిపోతుంది. అయితే ఆ పరిశోధనలో వాసన చూసినవాళ్లలో దాదాపు ఐదో వంతు మందికి అది అసలు తగల్లేదు. రేపు ల్యాబ్‌లో నీకూ తగలకపోతే కంగారు పడకు.

నేల విషయంలోనే విద్యార్థులు ఎక్కువగా తప్పుతారు. రాయి రుచి వేరులోంచి పాకి వైన్‌లోకి రాదు. నేల చేసేది నీళ్లని, వేడిని అదుపులో పెట్టడం. ఇంకో మాటలో, అక్కడి వాతావరణంలో లేనిదాన్ని నేల పూడుస్తుంది. ఉత్తర రోన్‌లో కరువు ఎండకి. అందుకే తోటలు ఎండకి ఎదురుగా ఉన్న నిటారు కొండవాలుల మీద ఉంటాయి. అక్కడి ఒక ప్రాంతం పేరు కోట్ రోటీ, అంటే కాలిన కొండవాలు. పలుచటి రాతినేల నీటిని ఉంచుకోదు, తొందరగా వేడెక్కుతుంది. బరోసాలో ఎండకి కొదవలేదు, వేసవిలో వానకే కరువు. అక్కడ చాలాచోట్ల పైన ఉన్న ఎర్రమట్టి కింద బంకమట్టి ఉండి చలికాలపు వానని దాచుకుంటుంది. పాత తీగలు లోతుకి దిగి ఆ తేమ మీద నడుస్తాయి. ఆ రెండు నేలల్ని తారుమారు చేసి చూడు. రోన్‌లో చల్లటి, తడి బంకమట్టి మీద కాయ పండక పచ్చి వాసన కొడుతుంది. బరోసాలో నీరు నిలవని రాతివాలు మీద, నీళ్లు పెట్టకపోతే, ఆకు మాడి కాయ ముడుచుకుపోతుంది.

"చల్లన" అంటే దేశం పేరు కాదని కూడా గుర్తుంచుకో. బరోసా పక్కనే, ఎత్తు మీదున్న ఈడెన్ లోయలో ఇదే షిరాజ్‌కి పులుపు ఎక్కువగా నిలుస్తుంది. మన నాసిక్‌లో తేడా తెచ్చేది క్యాలెండర్. వానలయ్యాక కత్తిరింపు చేసి జనవరి నుంచి మార్చి దాకా కోస్తారు. జనవరి రాత్రుల్లో పండిన కాయకీ మార్చి ఎండలో పండిన కాయకీ పులుపులో తేడా ఉంటుంది.

ఇప్పుడు నువ్వు చేయాల్సిన పని. హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్ష తోట ఒకటి మాట్లాడుకో, తినే రకమైనా సరే. కాయ రంగు తిరిగి మెత్తబడ్డ రోజు నుంచి మూడు రోజులకోసారి ఎండలో ఉన్న గుత్తుల నుంచి యాభై కాయలు, నీడ గుత్తుల నుంచి యాభై కాయలు విడివిడిగా కోసి, పిండి, బ్రిక్స్, పీహెచ్ రాసుకో. బ్రిక్స్ కొలిచే రిఫ్రాక్టోమీటర్ మీ కాలేజీ ల్యాబ్‌లో దొరుకుతుంది. ప్రతిసారీ రెండు కాయలు నమిలి, పులుపు నాలుక మీద ఎంతసేపు నిలిచిందో పక్కనే రాయి. అప్లికేషన్‌లో ఆ పట్టిక పెట్టు.