చింతపిక్కల వరసలో పియాజే, వైగాట్‌స్కీ

ప్రశ్న: "డైట్‌లో చదువుతున్నాను. పిల్లల ఆలోచన వయసును బట్టి దశలవారీగా ఎదుగుతుందని పియాజే, తెలిసినవాళ్ల సాయంతో ఎదుగుతుందని వైగాట్‌స్కీ అన్నారు. పిల్లలకు పాఠం చెప్పేవాళ్లకు ఎవరి మాట నిజమనిపించింది?"

నేను పదకొండేళ్లుగా ఒకటో తరగతికి చెబుతున్నాను. ఈ ఇద్దరు మనస్తత్వవేత్తల మాటా నాకు ఒకే బల్ల దగ్గర కనిపించింది.

ఐదేళ్లు నిండిన ఒక పాప ముందు ఆరు చింతపిక్కలు వరసగా పేర్చి, వాటికి ఎదురుగా ఇంకో ఆరు పెట్టాను. రెండూ సమానమేనంది. తను చూస్తుండగానే కింది వరసను దూరం దూరంగా జరిపాను. "ఇప్పుడు కిందవే ఎక్కువ టీచర్" అంది. లెక్కపెట్టమంటే రెండు వరసల్లోనూ ఆరే వచ్చాయి. అయినా "ఎంత పొడుగుందో చూడండి" అని వేలు పెట్టి చూపించింది. పియాజే రెండు నుంచి ఏడేళ్ల మధ్య పూర్వ ప్రచాలక దశలో చూసింది దీన్నే. ఆకారం మారినా సంఖ్య మారదనే పదిలపరచుకునే భావన ఇంకా రాలేదు. లెక్క తెలియక కాదు, కంటికి కనిపించేది లెక్కను మింగేస్తోంది.

నేను జవాబు చెప్పలేదు. "నువ్వే దగ్గరికి జరుపు, మళ్లీ నువ్వే దూరం చెయ్యి" అన్నాను. జరిపిన ప్రతిసారీ "ఏమైనా కలిపావా? తీశావా?" అని అడిగాను. తర్వాత పై పిక్కకూ కింది పిక్కకూ మధ్య దారం ముక్క పెట్టించి జత చేయించాను. నాలుగో రోజు, నేను అడక్కముందే "జరిపామంతే కదా టీచర్" అంది. ఒంటరిగా చేయలేనిది పక్కన ఒకరుంటే చేయగలిగే ఆ మేరనే వైగాట్‌స్కీ సామీప్య వికాస మండలం అన్నాడు.

అయితే పక్క బల్ల మీది బాబు కూడా అదే వాక్యం అప్పజెప్పాడు. అనుమానం వచ్చి, వాడి ఎదురుగానే ఒక పిక్క తీసేసి మిగిలిన ఐదింటిని దూరంగా జరిపాను. "సమానమే, జరిపారంతే" అన్నాడు. వాడు నేర్చుకున్నది మాట మాత్రమే. అందుకే జవాబు సరిగ్గా వస్తే సంతోషపడి ఆగకండి, ఏదో ఒకటి మార్చి "ఎందుకు?" అని అడగండి. వైగాట్‌స్కీ చెప్పిన ఉదాహరణ నాకు అర్థమైంది అప్పుడే: పరీక్షలో ఇద్దరు పిల్లలూ ఎనిమిదేళ్ల స్థాయే చూపిస్తారు, సాయం అందితే ఒకరు పన్నెండేళ్ల లెక్కలదాకా వెళ్తారు, ఇంకొకరు తొమ్మిది దగ్గరే ఆగుతారు.

ఇంకో జాగ్రత్త కూడా. టీచరే జరిపి, అదే ప్రశ్న రెండోసారి అడిగితే జవాబు మార్చాలేమో అనుకుంటారు పిల్లలు. 1974లో మెక్‌గారిగల్, డొనాల్డ్‌సన్ అనే పరిశోధకులు ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి వరసను చెదరగొట్టినట్టు చేస్తే, నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లల్లో చాలా ఎక్కువమంది సరిగ్గా చెప్పారు. అంటే పియాజే పరీక్ష పిల్లల్ని కొంత తక్కువ చేసి చూపించింది.

అలాగని దశలు ఉత్తివి కావు. పిక్కల్లో గెలిచిన ఆ పాపకే గ్లాసులో నీళ్లను సన్నటి పొడుగు గ్లాసులోకి పోసి చూపిస్తే "ఇందులోనే ఎక్కువ" అంది. ఎంత ఆసరా ఇచ్చినా ఆ ఏడాది నీళ్ల దగ్గర కదల్లేదు. సంఖ్య ముందు, ద్రవం తర్వాత అని పియాజే చూపిన వరస అక్కడ నాకు ఎదురుపడింది. ఆమెకు నీళ్ల సంగతి మరుసటి ఏడాది తెలిసింది, ఆ బాబుకు దారం ముక్కలు ఇంకో రెండు నెలలు కావాల్సి వచ్చాయి.