గొడ్డలి కాసేపు గోడకు ఆనించు, చిన్నోడా

చిన్నోడా,

రాత్రి నువ్వు పంపిన పదకొండు ఫోటోలూ పొద్దున్నే కళ్లజోడు పెట్టుకుని ఒక్కొక్కటే పెద్దది చేసుకుని చూశాను. మందుల షాపాయన నీ నిమ్మతోటకు మందుకు లొంగని గ్రీనింగ్ తెగులు పట్టిందన్నాడని, నలభై చెట్లూ పీకించేయమన్నాడని రాశావు. పీకడానికి ఒక పూట చాలు. మళ్లీ కాపుకు రావాలంటే నాలుగైదేళ్లు. అందుకని ముందు ఆ ఫోటోల్లో నాకు కనిపించింది చెప్తాను, విను.

పదకొండింటిలో ఏడు పాముపొడవి, అంటే పురుగు ఆకు తొలిచినవి. ఆ ఏడింట్లోనే నాలుగాకుల మీద బాక్టీరియాతో వచ్చే గజ్జి మచ్చలు కూడా ఉన్నాయి. రెండు జింకు లోపం. ఒకటి కాయ, దాని మీద ఉన్నది గజ్జే. మిగిలింది ఒక్కటి, తొమ్మిదో ఫోటో. దాన్ని గ్రీనింగ్ అనీ చెప్పలేను, కాదనీ చెప్పలేను. నలభై చెట్ల కథ చివరికి ఒక్క కొమ్మ దగ్గరికి వచ్చి ఆగింది.

అందరూ ఎక్కడ తప్పుతారంటే, ఆకు పసుపెక్కగానే ఆ పసుపునే చూస్తారు. నిమ్మాకు దేనికైనా పసుపెక్కుతుంది. నువ్వు రంగు వదిలేసి ముందు ఆకారం చూడు. పాముపొడ అంటే గీత. గజ్జి అంటే బొడిపె. గ్రీనింగ్‌లో గీతా ఉండదు, బొడిపే ఉండదు, ఆకు నున్నగానే ఉండి రంగు మాత్రం అటొకటి ఇటొకటిగా ఉంటుంది. ఫోటో తెరవగానే నేను వెతికేది ఈ మూడే.

నీ మూడో ఫోటో తీసుకుందాం, అందులో రెండు సంగతులు కలిసి ఉన్నాయి. ఆకు కొన దగ్గర మొదలై వంకర్లు తిరుగుతూ నడి ఈనె దాకా వెండి రంగు గీత ఒకటి మెరుస్తోంది చూడు. పెద్దది చేసి చూస్తే ఆ గీత మధ్యలో నల్లటి సన్న దారం లాంటిది కనిపిస్తుంది. అది పురుగు రెట్ట. ఆకు పైపొర కింద పురుగు తొలుచుకుంటూ పోయిన దారి ఆ గీత. చివరికి అది ఆకు అంచుకు చేరి, ఆ అంచును మడిచి, లోపల కోశం కట్టుకుంటుంది. నీ ఫోటోలో కుడి అంచు చుట్టుకుపోయింది అందుకే. గీత వెండిలా మెరిస్తే కొత్తది. గోధుమ రంగుకు తిరిగి కాగితంలా ఎండితే పాతది, పురుగు ఎప్పుడో రెక్కలొచ్చి పోయింది. అట్లాంటి ఆకు మీద మందు కొడితే నీళ్లు దండగే.

ఇప్పుడు అదే గీత వెంబడి చూడు. తొమ్మిది చిన్న మచ్చలు లెక్కపెట్టాను, తొమ్మిదీ గీత మీదే ఉన్నాయి, పక్కన ఆకంతా శుభ్రంగా ఉంది. అది గజ్జి. రెక్కల పురుగు గజ్జిని మోసుకురాదు. అది తెరిచిపెట్టిన తలుపులోంచి బాక్టీరియా దూరుతుంది, అంతే. మామూలుగా గజ్జి బాక్టీరియా లేతాకు రంధ్రాల గుండానో, ముల్లు గీరుకున్న చోటో లోపలికి పోతుంది. గాలితో పాటు వాన కొడితే ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకు చిమ్ముకుంటుంది. మీ పాకాల వైపు మొన్న కార్తీకంలో తుఫాను వాన నాలుగు రోజులు పట్టింది కదా, సరిగ్గా అప్పుడు చెట్లు చిగురు మీద ఉండి ఉంటాయి. ముదిరిన ఆకుకు గజ్జి అంత తేలిగ్గా పట్టదు. నీకు ఈరోజు ముదురాకు మీద మచ్చ కనిపించిందంటే అది లేతగా ఉన్నప్పుడు పట్టిందే.

గజ్జి అవునో కాదో వేలితో తడిమితే తెలిసిపోతుంది. ఆకుకు పైనా కిందా రెండు వైపులా గరుకుగా, ఉప్పు రవ్వ అంటుకున్నట్టు తగులుతుంది. పాముపొడ గీత తడిమితే అట్లా గుచ్చుకోదు. ఫోటోలో వేలు పెట్టలేం కాబట్టి వెలుతురుతో తడమాలి. నువ్వు మిట్టమధ్యాహ్నం తీశావు, సూర్యుడు నెత్తి మీదుంటే బొడిపె కూడా చదునుగానే కనిపిస్తుంది. పొద్దున ఏడు, ఎనిమిది మధ్య ఎండ పక్కనుంచి పడేట్టు తీస్తే ఒక్కో మచ్చకూ చిన్న నీడ పడుతుంది. తర్వాత అదే ఆకును ఎండకు ఎదురుగా పట్టుకుని వెనక నుంచి వెలుగు వచ్చేట్టు ఇంకొకటి తియ్యి. గజ్జి అయితే నడుమ గోధుమ మచ్చ, దాని చుట్టూ నూనె అంటినట్టు సన్నటి అంచు, ఆ బయట పసుపు వలయం దీపం చుట్టూ వెలుగులా కనిపిస్తాయి. ఆకు కింది వైపు ఫోటో కూడా తప్పకుండా ఉండాలి. ఒక వైపే ఉన్న మచ్చ అయితే నేను వెంటనే గజ్జి అనను.

కాయ మీద ఇంకాస్త జాగ్రత్త. పండిన నిమ్మకాయే పసుపు, అందులో పసుపు వలయం ఎక్కడ వెతుకుతాం? అందుకే మచ్చ నడుమ చూడాలి. గజ్జి మచ్చ బెరడులా గట్టిపడి, నడుమ పగిలి చిన్న గుంట పడుతుంది. నీ పదో ఫోటోలో అదే ఉంది. కాయ తొడిమ చుట్టూ ఉంగరంలా బూడిద రంగు గీరుడు ఉంటే అది తామర పురుగులు గోకింది. కాయంతా ఒక వైపు గోధుమ రంగు పూసినట్టు నున్నగా ఉంటే మంగు నల్లి. ఈ రెండింట్లో గుంట ఉండదు. గజ్జి తొక్క దాటి లోపలికి పోదు, రసం బాగానే ఉంటుంది. గూడూరు మార్కెట్లో ఈ మాట చెప్పి చూడు, ఎవడూ వినడు, పక్కకు తోసి సగం ధర కడతాడు!

ఇక నిన్ను రాత్రి నిద్రపోనివ్వని గ్రీనింగ్ సంగతి. ఇక్కడ నా తప్పొకటి చెప్పాలి. మీ నాయన చిన్నప్పుడు, చంద్రగిరి దగ్గర నా మొదటి తోటలో ఆరు చెట్లు పసుపెక్కాయి. అప్పుడూ ఒకాయన గ్రీనింగ్ అన్నాడు. ఆరూ పీకించి తగలబెట్టాను. రెండు నెలలకు మిగతా తోటంతా అదే పసుపు! అన్ని చెట్లకూ ఒకేసారి, కొత్తాకుల మీద, ఈనెలు పచ్చగా ఉండి నడుమ నడుమ పసుపు. జింకు లోపం. కొత్త చిగురు విచ్చుకున్నాక లీటరు నీటికి 5 గ్రాముల జింకు సల్ఫేట్ కొట్టించాను, తర్వాత వచ్చిన ఆకు మామూలుగా వచ్చింది. ఆ ఆరు చెట్లు ఉత్త పుణ్యానికి పోయాయి.

జింకు లోపమైతే నడి ఈనెకు అటూ ఇటూ పసుపు అద్దంలో చూసినట్టు ఒకేలా ఉంటుంది. ఆకు కూడా చిన్నదై, సన్నగా నిటారుగా నిలబడుతుంది. నీ ఆరో ఫోటో, ఎనిమిదో ఫోటో అట్లాంటివే. గ్రీనింగ్ పసుపు లెక్కాచారం లేకుండా ఉంటుంది. బాల్ పెన్ను తీసుకుని నడి ఈనెకు ఎడమ పక్క ఒక సున్నా చుట్టు, కుడి పక్క సరిగ్గా అంతే దూరంలో అంతే సున్నా చుట్టు. రెండు సున్నాల్లో రంగు ఒకటేనా? అట్లా మూడు నాలుగు జంటలు చుట్టి చూడు. ఒకదాంట్లో పచ్చ, దాని జోడులో పసుపు, మళ్లీ కింద తారుమారు, ఇట్లా ఉంటే అప్పుడు అనుమానపడాలి. దీనికి ముదిరిన ఆకులే చూడాలి, చిగుళ్లు కాదు. గ్రీనింగ్ తోటంతా ఒక్కసారి కమ్ముకోదు, ముందు ఒక చెట్టులో ఒక కొమ్మ మాత్రమే పసుపెక్కి కనిపిస్తుంది. తర్వాత తర్వాత అదే చెట్టుకు జింకు లోపం లాంటి ఆకులూ వస్తాయి, అక్కడే తెలిసినవాళ్లు కూడా తడబడతారు.

నీ తొమ్మిదో ఫోటోలో నడి ఈనెకు ఎడమవైపు తొడిమ దగ్గర పసుపు మచ్చ ఉంది, కుడివైపు లేదు. వెనక బొడిపెలు లేవు. అందుకే కొట్టిపారేయలేదు. కానీ పై ఆకు నీడ కూడా దాని మీద పడింది, ఆ పసుపులో ఎంత నిజమో ఎంత నీడో చెప్పలేను. అదీగాక కొమ్మ మొదట్లో బంక తెగులు పట్టినా, కట్టు తీగ బెరడులోకి దిగినా ఆ ఒక్క కొమ్మే పసుపెక్కుతుంది.

కాబట్టి ఆ చెట్టువే ఇంకో నాలుగు ఫోటోలు కావాలి. పెన్ను సున్నాలు చుట్టిన ఆకు ఒకటి, నీడ పడకుండా. ఆ కొమ్మ మొదలు నుంచి కొన దాకా ఒకటి, పక్క కొమ్మలు కూడా కనిపించాలి. అదే కొమ్మ లేత చిగురు దగ్గరగా ఒకటి, పక్కన రూపాయి బిళ్ళ పెట్టు. చిగురు మీద తోక పైకెత్తి, తలకిందులుగా నిలబడ్డట్టు కూర్చునే 3, 4 మిల్లీమీటర్ల గోధుమ రంగు పురుగు ఉంటే అది సిల్లా. గ్రీనింగ్‌ను చెట్టు నుంచి చెట్టుకు మోసేది అదే. దాని పిల్లలు పసుపుగా ఉండి తెల్లటి మైనపు నూలు పోగులు వదులుతాయి. కరివేపాకు మీద కూడా పెరుగుతుంది, మీ బోరు పక్క చెట్టు కూడా ఒకసారి చూడు. నాలుగోది, ఆ కొమ్మ కాయను తొడిమ నుంచి అడుగు దాకా నిలువుగా కోసి తీసింది. కాయ ఒక పక్కకు వాలి, నడుమ ఉండే తెల్లటి ఇరుసు వంకర పోయి, గింజలు నల్లగా తాలు అయితే అనుమానం బలపడుతుంది. మనం నిమ్మ పచ్చిగానే కోస్తాం కాబట్టి కాయ రంగు తేడా నమ్ముకోకు. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నలిగిపోతుంది, డాక్యుమెంట్ లాగా పంపు.

ఈ నాలుగూ చూశాక కూడా నేను గ్రీనింగ్ అని తేల్చను. ఫోటో అనుమానం దాకే తీసుకుపోతుంది. తేల్చేది ఆకులో ఆ తెగులు బాక్టీరియా ఆనవాలు పట్టే పీసీఆర్ పరీక్ష ఒక్కటే. ఆ కొమ్మ ముదురాకులు తొడిమలతో సహా కోసి కవర్లో వేసుకుని, తిరుపతిలో నిమ్మ పరిశోధన స్థానానికి పట్టుకెళ్లు. పరీక్ష ఎక్కడ ఎట్లా చేయించాలో వాళ్లు చెప్తారు. నీవి గింజ మొక్కలు కదా, అంటు ద్వారా వచ్చే అవకాశం లేదు, గింజతో గ్రీనింగ్ రాదు. వస్తే సిల్లా మోసుకొచ్చి ఉండాలి. అందుకే చిగురు ఫోటో అంత గట్టిగా అడుగుతున్నాను.

ఈలోపు చెట్లు తడిగా ఉన్నప్పుడు తోటలో కత్తెర పెట్టకు, గజ్జి నీ చేత్తోనే పాకుతుంది. వాన పూర్తిగా వెనక్కి తగ్గాక గజ్జి పట్టిన రెమ్మలు కత్తిరించి కాల్చెయ్. తర్వాత లీటరుకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కొట్టు, మళ్లీ చిగురు వచ్చినప్పుడు ఇంకోసారి. పాముపొడకు మాత్రం చిగురు వేలెడు ఉన్నప్పుడే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు. గీతలు పడ్డ పాతాకులు పెరికేయకు, పెద్ద చెట్టుకు అవి ఇంకా అన్నం వండిపెడుతూనే ఉంటాయి.

తొమ్మిదో ఫోటో చెట్టుకు ఎర్ర గుడ్డ కట్టి గుర్తు పెట్టు. రేపు పొద్దున ఎండ పక్కవాటుగా ఉన్నప్పుడే ఆ నాలుగూ తీసి పంపు.

మీ పెదనాయన