పది అడుగులకు మూడు అంగుళాలు

పర్లాకిమిడి

చిరంజీవి మేనల్లుడికి, మావయ్య ఆశీస్సులు.

గుణుపురంలో ఇంటి పని మొత్తం నువ్వే ఒప్పుకున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. సంతోషంతో ఆ పూట అన్నం కూడా సరిగ్గా తినలేదు. లెట్రిన్ నుంచి సెప్టిక్ ట్యాంకు దాకా 40 అడుగుల లైను కూడా నువ్వే వేస్తున్నావని తర్వాత చెప్పింది. అప్పటి నుంచి నాకు ఒకటే టెన్షన్.

పైపు 4 అంగుళాలది తీసుకో. కాలర్లు ఎగువ వైపుకి ఉండాలి. కింద ఇసుక పరిచి పడుకోబెట్టు, ఇటుక ముక్కల మీద నిలబెట్టకు. ఇటుకల మధ్య పైపు కుంగుతుంది, కుంగిన చోట నీళ్ళు ఎప్పుడూ నిలిచే ఉంటాయి. ఇవన్నీ నీకు తెలిసినవే.

వాటం సంగతే వివరంగా రాస్తాను. మన కూలీలు ఢాలు అంటారే, అదే. 4 అంగుళాల పైపుకి 40కి ఒకటి చొప్పున, అంటే 10 అడుగులకు 3 అంగుళాలు. నీ 40 అడుగులకు ఒక అడుగు. ఆ అడుగు మొదటి నుంచి చివరిదాకా సమంగా పంచుకుంటూ పోవాలి. నేను పంచలేదు.

అప్పటికి నేను మేస్త్రీనై రెండేళ్ళు. ఇక్కడే ఒక పెద్దావిడ ఇంట్లో అచ్చం ఇలాంటి లైనే, 40 అడుగులది. లెట్రిన్ నోటి నుంచి ట్యాంకు నోటికి మొత్తం 14 అంగుళాల దిగుడు దొరికింది. సమంగా పంచితే 10 అడుగులకు మూడున్నర, చక్కటి వాటం. కానీ ఇంటి పక్కనుంచి ట్రాక్టర్ వెళ్ళే దారి ఉంది. పైపు లోతుగా ఉంటే నలగదు, పైగా వాటం ఎంత ఎక్కువైతే అంత శుభ్రంగా పోతుంది అనుకున్నాను. మొదటి 10 అడుగుల్లోనే 11 అంగుళాలు దించేశాను. ఇక మిగిలిన 30 అడుగులకు దక్కింది 3 అంగుళాలే. 10 అడుగులకు ఒక్క అంగుళం.

ఇరవై రోజులు బాగానే పోయింది. తర్వాత ఆవిడ కబురు పంపింది. బకెట్ నీళ్ళు పోస్తే లెట్రిన్‌లో బుడబుడమని చప్పుడు, నీళ్ళు మెల్లగా దిగుతున్నాయి. ఇంట్లో ఆవిడ కూతురు పురిటికొచ్చి ఉంది. నేను వెళ్ళేసరికి స్నానాల గదిలో నీళ్ళు పైకి తన్నుతున్నాయి. పక్క గదిలో పసిబిడ్డ. ఆవిడ నన్ను ఒక్క మాట అనలేదు.

తవ్వి పైపు కోశాం. బాగా ఏటవాలుగా దిగిన ముక్క లోపల దాదాపు శుభ్రం. వాటం విరిగిన చోటు నుంచి రెండు మూడు అడుగులు మలం పలకలా గట్టిపడి సగం పైపు నింపేసింది. అప్పుడు అర్థమైంది. ఏటవాలులో నీళ్ళు పల్చటి పొరలా జారిపోతాయి. మలం తేలాలంటే కాస్త లోతు నీళ్ళు కావాలి. మనవాళ్ళు పోసేది ఒకటి రెండు చెంబులు. ఆ పల్చటి నీళ్ళు చదునులోకి రాగానే వేగం పడిపోతుంది. సెకనుకు ముప్పావు మీటరు వేగమైనా లేకపోతే తెచ్చినదంతా అక్కడే దింపేస్తాయి. రోజూ ఒక పొర. ఎక్కువ వాటం తప్పు, తక్కువ వాటం తప్పు, ఆ రెంటినీ ఒకే లైనులో నేను కలిపాను.

లైనంతా పీకి, దారం కట్టి, మళ్ళీ వేశాను. ట్రాక్టర్ తొక్కే చోట పైపు చుట్టూ కాంక్రీటు పోశాను. అది ముందే చేస్తే సరిపోయేది. ఆ పసిబిడ్డ ఏడుపు మాత్రం ఇప్పటికీ చెవిలో ఉంది, అందుకే ఇంత రాస్తున్నాను.

నీ దగ్గర ట్యాంకు నోరు మరీ కిందికి ఉంటే, దాన్ని అందుకోవడానికి పైపుని వంచకు. సరైన వాటంతో చివరిదాకా తెచ్చి, ట్యాంకు ముందు చాంబరు కట్టి అందులో నిలువుగా దించు. నోరు పైకి ఉండి అడుగు దిగుడు రాకపోతే ట్యాంకు పని ఆపు, ఇంటాయనతో మాట్లాడు. ఒప్పుకున్న పని కదా అని మొహమాటపడకు. నీ మొహమాటం నాకు తెలుసు, చిన్నప్పుడు ఆకలేసినా అడిగేవాడివి కావు.

స్పిరిట్ లెవెల్‌ని నమ్మి 40 అడుగులు వెయ్యకు. నా నీళ్ళ ట్యూబు బస్సులో పంపిస్తున్నాను, బుడగ లేకుండా నింపుకో. ప్రతి 10 అడుగులకు ఒక మేకు కొట్టి, ముందు మేకుకన్నా 3 అంగుళాలు దించి దారం బిగించు. పైపు వేశాక ఒక చివర టార్చి పెట్టి రెండో చివర అద్దంలో చూడు. నిండు చందమామలా గుండ్రంగా కనబడాలి. అర్ధచంద్రుడిలా కనబడితే ఎక్కడో కుంగింది.

ఆదివారం నేనొస్తాను. అప్పటిదాకా మట్టి కప్పకు. పూటకి అన్నం తిను.

మీ మావయ్య